అడ్జస్ట్‌మెంట్ పుస్తకం చెప్పే సంగతి: కిక్కిరిసిన బడిలో ఉపాధ్యాయుల బర్నౌట్

ఉన్నత పాఠశాలలో పొద్దున ప్రార్థన ముగిసిన పది నిమిషాలకు స్టాఫ్ రూమ్‌లోకి ఒక సన్నటి పుస్తకం వస్తుంది. అటెండరు లేని బడిలో ఏ ఎనిమిదో తరగతి పిల్లవాడో దాన్ని పట్టుకొస్తాడు. ఆ రోజు సెలవులో ఉన్నవారి పీరియడ్లు ఒక వైపు, ఆ పీరియడ్లకు ఎవరు వెళ్లాలో రెండో వైపు రాసి ఉంటుంది. దానికి మా బళ్లలో అడ్జస్ట్‌మెంట్ పుస్తకం అని పేరు. అది గదిలోకి రాగానే నలుగురైదుగురు తల దించుకుని పేపర్లు దిద్దుతున్నట్టు కనిపిస్తారు. ‘మేడమ్, మూడో పీరియడ్ సెవెన్ ఏకి మీరే’ అని పిల్లవాడు చెప్పగానే ఒకరు మాట్లాడకుండా సంతకం పెడతారు. ఉద్యోగ జీవితంలో పద్నాలుగేళ్లు టైంటేబుల్ వేసే పని నా మీదే ఉండేది కాబట్టి, ఆ పుస్తకాన్ని రాసిన చేతుల్లో నాదీ ఒకటి. ఉపాధ్యాయులు ఎందుకు అలసిపోతున్నారన్న ప్రశ్నకు నేను చూసిన జవాబుల్లో అన్నిటికన్నా నిజాయతీగా ఉన్నది ఆ పుస్తకమే.

ముందుగా బర్నౌట్ అన్న మాటకు ఉన్న అర్థాన్ని కొంచెం సరిచూసుకోవాలి. రోజు చివర వచ్చే అలసట, రాత్రి నిద్రపోతే తీరే అలసట బర్నౌట్ కాదు. అమెరికాలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు 1974లో ఈ పదాన్ని వృత్తి జీవితానికి అన్వయించాడు. తరువాత క్రిస్టినా మాస్లాక్ దాన్ని మూడు ముఖాలుగా విడదీసి, కొలిచే ప్రశ్నావళిని 1981లో ప్రచురించింది. మొదటిది ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరని మానసిక అలసట. రెండోది ఎదుటి మనిషి పట్ల బిగుసుకుపోవడం. మూడోది తాను చేసే పని వల్ల ఎవరికీ ఏమీ ఒరగడం లేదన్న నమ్మకం స్థిరపడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను వ్యాధిగా కాక, సరిగ్గా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల కలిగే వృత్తిపరమైన స్థితిగా పేర్కొన్నారు. ఈ తేడా చిన్నది కాదు. వ్యాధి అయితే మందు మనిషికి ఇవ్వాలి, వృత్తిపరమైన స్థితి అయితే ముందు పనిని పరీక్షించాలి.

ఆ పరీక్షను ఒక లెక్కతో మొదలుపెడదాం. ఆరు నుంచి పది తరగతుల వరకు 620 మంది పిల్లలు, పది సెక్షన్లు ఉన్న ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకోండి. సెక్షనుకు 62 మంది. గణితానికి ఇద్దరే స్కూల్ అసిస్టెంట్ టీచర్లు కాబట్టి ఒక్కొక్కరికి ఐదు సెక్షన్లు, అంటే 310 మంది పిల్లలు. సెక్షనుకు వారానికి ఆరు పీరియడ్ల చొప్పున ఒక్కొక్కరు 30 పీరియడ్లు పాఠం చెప్పాలి. రోజుకు 45 నిమిషాల పీరియడ్లు ఎనిమిది, వారానికి ఆరు రోజులు అనుకుంటే మొత్తం 48 పీరియడ్లు, అందులో 18 ఖాళీ. పద్దెనిమిది లీజర్ పీరియడ్లు అంటే బయటివారికి విలాసంగానే వినిపిస్తుంది. గంటల్లోకి మారిస్తే అది పదమూడున్నర గంటలు.

ఇప్పుడు ఆ పదమూడున్నర గంటలు ఎటు పోతాయో చూడండి. వారానికి ఐదు అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు పడ్డాయనుకుంటే మూడు గంటల ముప్పావు పోయి తొమ్మిది గంటల ముప్పావు మిగులుతుంది. వారానికి ఒక్కసారి, ఒక్కో నోటుపుస్తకానికి రెండే రెండు నిమిషాలు కేటాయించి చూసినా, 310 పుస్తకాలకు పది గంటల ఇరవై నిమిషాలు కావాలి. అంటే పాఠానికి సిద్ధం కాకముందే, పాఠ్య ప్రణాళిక రాయకముందే, మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడకముందే, ఏ యాప్‌లోనూ ఏ ఫొటో ఎక్కించకముందే, గడియారం అరగంటకు పైగా అప్పులో ఉంది. అదే సెక్షనుకు 35 మంది ఉంటే ఆ నోటుపుస్తకాలు ఆరు గంటల లోపే పూర్తయ్యేవి. ఫార్మేటివ్ పరీక్షలు వచ్చిన వారంలో పేపరుకు నాలుగు నిమిషాల చొప్పున మరో ఇరవై గంటల నలభై నిమిషాలు అదనంగా చేరతాయి, అవి ఏడాదికి నాలుగుసార్లు వస్తాయి. విద్యాహక్కు చట్టం పాఠం తయారీతో కలిపి ఉపాధ్యాయునికి వారానికి 45 గంటల పని అని చెబుతుంది. మన టైంటేబుల్‌లో బడి సమయమే 36 గంటలు. మిగిలిన తొమ్మిది గంటలతో ఆ పరీక్షల వారం గట్టెక్కదు.

ఇలాంటి వారాలు ఒకటి రెండు ఎవరైనా ఓర్చుకుంటారు. ఏడాది పొడవునా ఇదే నడిస్తే మనిషి తెలియకుండానే పనిని తగ్గించుకునే దారులు వెతుక్కుంటాడు. బర్నౌట్ మొదట బయటపడేది మనిషి ముఖంలో కాదు, నోటుపుస్తకంలో. జూన్, జులై నెలల్లో లెక్కలో తప్పు జరిగిన మెట్టు దగ్గర ఎర్ర గీత ఉంటుంది, పక్కన సరైన గుర్తు వేసి ఉంటుంది. సెప్టెంబరుకు పేజీకి ఒక టిక్కు మిగులుతుంది. డిసెంబరుకు పాఠం చివర ఒక సంతకం, తేదీ. ఒకే రోజు తేదీతో పన్నెండు పేజీలకు వరసగా టిక్కులు పడి ఉంటే, అందులో తప్పు లెక్కకూ టిక్కే పడి ఉంటే, ఆ ఉపాధ్యాయురాలు బద్ధకస్తురాలని తేల్చేసే అధికారిని చాలాసార్లు చూశాను. ఆ అధికారే తనిఖీకి వచ్చినప్పుడు ప్రతి పుస్తకంలో ప్రతి పేజీకి సంతకం ఉందా లేదా అని చూస్తాడు. దిద్దడం జరిగిందా అన్నది కాక దిద్దినట్టు గుర్తు ఉందా అన్నదే పరీక్ష అయినప్పుడు, గుర్తు మాత్రమే మిగలడంలో వింతేమీ లేదు.

రెండో ముఖం మాటల్లో కనిపిస్తుంది. ‘మా శ్రీను’, ‘వెనక బెంచీ సుజాత’ పోయి ‘ఎయిట్ బీ వాళ్లు’ వస్తుంది, ఆ తరువాత ‘ఆ గుంపు’ వస్తుంది. దీన్ని కఠినత్వం అనుకుంటాం గానీ, అది చాలామందిలో ఆత్మరక్షణ. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో హాజరుకూ, కూర్చోబెట్టడానికీ ఐదు నిమిషాలు పోతే, 62 మందికి పంచినప్పుడు తలకు నలభై సెకన్లు కూడా రావు. ఆ నలభై సెకన్లలో ప్రతి పిల్లవాడి కష్టాన్నీ మనసులోకి తీసుకునే టీచరుకు రాత్రి నిద్ర పట్టదు. అందువల్ల మొదట వదిలేసేది ఆ మనసు పెట్టడాన్నే. ప్రశ్నలు ముందు రెండు వరసలకే పరిమితమవుతాయి, ఎందుకంటే జవాబు వస్తుందన్న భరోసా అక్కడే ఉంటుంది. పదోతరగతి ఫలితాలు వచ్చినప్పుడు వెనక వరసల పేర్లు ఫెయిలైన జాబితాలో కనిపిస్తే, ‘ఎంత చెప్పినా ఇంతే’ అన్న మాట పుడుతుంది. మాస్లాక్ చెప్పిన మూడో ముఖం ఇదే.

శరీరం వైపు నుంచి చూస్తే ముందుగా దెబ్బతినేది గొంతు. చుట్టూ చప్పుడు పెరిగినప్పుడు మాట్లాడే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లోనే వివరించాడు, దానికి అతని పేరే నిలిచింది. ఇరవై అడుగుల చదరపు గదిలో 62 మంది బెంచీల మీద కదులుతుంటే, రేకుల పైకప్పు చప్పుడును కిందికి తిప్పికొడుతుంటే, పక్క గదిలో టీచరు లేక పిల్లలు గోల చేస్తుంటే, పాఠం చెప్పేవారు రోజుకు ఐదు పీరియడ్లు దాదాపు అరుస్తూనే ఉంటారు. సోమవారం మామూలుగా ఉన్న గొంతు గురువారానికి బొంగురుపోయి, ఆదివారం కోలుకుని, మళ్లీ గురువారానికి పోతుంటే అది జలుబు కాదు. మూడు వారాలకు మించి బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకోవాలి. స్వరతంతువుల మీద కాయలు కట్టి ఉండవచ్చు.

ఇక అడ్జస్ట్‌మెంట్ పుస్తకం దగ్గరికి వస్తాను. ఒక ఉపాధ్యాయుడు అలసి సెలవు పెడతాడు. అతని ఆరు పీరియడ్లు ఆరుగురి ఖాళీ సమయంలోకి వెళతాయి. ఆ ఆరుగురి పుస్తకాలు దిద్దకుండా ఇంటికి మోయాల్సి వస్తుంది. వారిలో ఒకరికి రెండు వారాల తరువాత జ్వరం వస్తుంది, లేదా జ్వరం వచ్చిందని చెప్పి ఇంట్లో పడుకోవాలనిపిస్తుంది. ఆ ఒకరి పీరియడ్లు మళ్లీ ఐదుగురి మీద పడతాయి. అందుకే కిక్కిరిసిన బడిలో బర్నౌట్ ఒక మనిషి దగ్గర ఆగదు, అంటుకుంటుంది. నవంబరు నెల పుస్తకాన్ని జులై నెల పుస్తకంతో పోల్చి చూస్తే ఇది తెలుస్తుంది. సెలవులు సోమ, శనివారాలకు జరగడం, ఒకే రోజు ముగ్గురు లేకపోవడం, ‘మా ఇద్దరికీ వద్దు సార్, నిన్న మేమే వెళ్లాం’ అన్న వాదనలు స్టాఫ్ రూమ్‌లో మొదలవడం, ఇవి ఏ ప్రశ్నావళి కన్నా ముందే వచ్చే సూచనలు.

ఇంత గుంపు ఎందుకు తయారవుతుంది? ప్రభుత్వ నివేదికల్లో చూస్తే రాష్ట్ర సగటు పర్వాలేదనిపిస్తుంది, తరగతి గదిలో చూస్తే నిలబడటానికి చోటుండదు. రెండూ నిజమే, సగటు చేసే మాయ అది. ఒక మండలంలో ఇరవై మంది పిల్లలు, ఇద్దరు ఎస్జీటీ టీచర్లు ఉన్న ప్రాథమిక పాఠశాలలు ఎనిమిది ఉన్నాయనుకోండి. మండల కేంద్రంలో 320 మంది పిల్లలు, ఎనిమిది మంది టీచర్లు ఉన్న బడి ఒకటి ఉంది. మొత్తం 480 మందికి 24 మంది టీచర్లు, సగటున 20 మందికి ఒకరు. కాగితం మీద ఎంతో బాగుంది. కానీ ఆ 480 మందిలో మూడింట రెండొంతుల మంది కూర్చునేది 40 మందికి ఒక టీచరు ఉన్న గదుల్లోనే. చట్ట ప్రకారం ఇందులో తప్పు కూడా లేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రాథమిక స్థాయిలో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని చెబుతుంది, 200 దాటితే ప్రధానోపాధ్యాయుణ్ణి మినహాయించి 40 మందికి ఒకరు మించకూడదంటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒకరు. తొమ్మిది, పది తరగతులు ఆ చట్టం పరిధిలోకే రావు. ఫలితాల కోసం అందరూ కన్నేసి ఉంచేది మాత్రం ఆ పదో తరగతి మీదే.

రెండో కారణం నియామకాల తీరు. పదవీ విరమణలు ప్రతి నెలాఖరునా జరుగుతాయి, నియామకాలు ఏళ్ల తరబడి ఆగి ఒక్కసారిగా వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో వచ్చింది. తెలంగాణలో 2017 నాటి నియామక ప్రకటన తరువాత 11,062 పోస్టుల డీఎస్సీ 2024లో జరిగింది. మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదని చట్టంలోని 26వ సెక్షన్ చెబుతుంది. ఏడేళ్ల విరామంలో ఆ మాట నిలబడే వీలు లేదు. ఆ ఖాళీ కాలమంతా అడ్జస్ట్‌మెంట్ పుస్తకమే మోస్తుంది.

మూడోది బోధనేతర పని. పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి ఉపాధ్యాయులను పంపకూడదని 27వ సెక్షన్ చెబుతుంది. ఎవరినీ ఊరి మీదికి పంపకుండానే బోధనేతర పని బడి లోపలికి వచ్చి కూర్చుంటుందని ఆ సెక్షన్ రాసినవారికి తట్టినట్టు లేదు. ముఖ హాజరు, భోజనం చేసినవారి సంఖ్య, కోడిగుడ్ల లెక్క, యూనిఫాం కొలతలు, అన్నీ ఫోనులోనే నమోదు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ముఖ గుర్తింపు హాజరు తెచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అందుకే అంతగా ఆందోళన చేశాయి. ప్రైవేటు బళ్లలో యాప్‌ల బదులు వేసవిలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగడం, రాత్రి స్టడీ అవర్స్, పిల్లవాడి మార్కులకు తల్లిదండ్రుల ముందు సంజాయిషీ ఉంటాయి. అక్కడ అలసిన టీచరు సెలవు పెట్టడు, ఉద్యోగం మానేస్తాడు. బాధ ఒకటే, రిజిస్టరులోకి ఎక్కదు.

సంస్థలు ఏం చేయవచ్చన్నది ఇక్కడి నుంచి మొదలవుతుంది. సాధారణంగా చేసేదేమిటో ముందు చెప్పాలి. నేను పనిచేసిన ఒక చోట ఒత్తిడి నివారణపై ఒక రోజు శిక్షణ పెట్టారు. అది ఆదివారం, నలభై కిలోమీటర్ల దూరంలో, హాజరు తప్పనిసరి, ధ్యానంలో కూర్చున్న ఫొటో గ్రూపులో పెట్టాలి. ధ్యానం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అది పోయిన ఆదివారాన్ని తిరిగి ఇవ్వలేదంతే.

ప్రధానోపాధ్యాయుని చేతిలో నిజంగా ఉన్న మొదటి పని అడ్జస్ట్‌మెంట్‌కు హద్దు పెట్టడం. రోజుకు ఒక ఖాళీ పీరియడ్‌ను ఎవరూ ముట్టుకోకూడదని టైంటేబుల్‌లోనే గడి నింపి రాయాలి. నెలాఖరున ఎవరికి ఎన్ని అడ్జస్ట్‌మెంట్లు పడ్డాయో కూడి స్టాఫ్ రూమ్ గోడ మీద పెట్టాలి. ఈ కూడిక జరగని బళ్లలో కాదనలేని ఇద్దరు ముగ్గురికే, ముఖ్యంగా కొత్తగా చేరినవారికే, అన్నీ పడుతుంటాయని చాలా ఆలస్యంగా గ్రహించాను. ఒకే రోజు నలుగురు లేనప్పుడు నాలుగు సెక్షన్లకు నలుగురిని తోలే బదులు, రెండు సెక్షన్లను వ్యాయామ ఉపాధ్యాయునికి, మరో రెండింటిని వరండాలో గ్రంథాలయ పుస్తకాలతో ఒకరికి అప్పగించవచ్చు. పాఠం ఎలాగూ జరగదు కాబట్టి, నలుగురి ఖాళీ పోవడం కన్నా ఇద్దరి ఖాళీ పోవడం నయం.

రెండోది దిద్దుబాటు. వారానికి నాలుగోవంతు పుస్తకాలే తీసుకుని, ఒక్కో దానికి రెండు నిమిషాల బదులు నాలుగు నిమిషాలు పెట్టి చూస్తే, 78 పుస్తకాలకు ఐదు గంటల పన్నెండు నిమిషాలు సరిపోతాయి. ప్రతి పిల్లవాడి పుస్తకం నెలకోసారి నిజంగా చదివినట్టు అవుతుంది. మిగిలిన వారాల్లో జవాబులు బోర్డు మీద రాసి పిల్లలే మార్చుకుని దిద్దుకోవచ్చు. కానీ ఈ పద్ధతి టీచరు సొంతంగా మొదలుపెడితే తనిఖీ రోజున దొరికిపోతుంది. ప్రధానోపాధ్యాయుడు దీన్ని స్టాఫ్ మీటింగ్ మినిట్స్‌లో రాయించి, మండల విద్యాధికారికి ఒక ప్రతి పంపి, తనిఖీలో ఏ పుస్తకాలు చూడాలో ముందే ఒప్పించుకోవాలి. భారం తగ్గించే నిర్ణయం మీద పైవారి సంతకం లేకపోతే, ఆ నిర్ణయమే కొత్త భయంగా మారుతుంది.

మూడోది గొంతు. నడుముకు కట్టుకునే చిన్న మైకు పెట్టె కొద్ది వేల రూపాయల లోపే దొరుకుతుంది, పాఠశాల గ్రాంటులో నుంచి కొనవచ్చు. గొంతు సమస్య ఉన్న ఉపాధ్యాయుల మీద అమెరికాలో జరిగి 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, గొంతు జాగ్రత్తల గురించి పాఠాలు విన్నవారికన్నా అలాంటి మైకు వాడినవారికే స్పష్టమైన మేలు కనిపించింది. పక్క గదికి వినిపిస్తుందన్న అభ్యంతరం వస్తుంది, నిజమే. స్వరం తగ్గించి పెట్టుకుంటే అది అరుపు కన్నా తక్కువే వినిపిస్తుంది.

యాప్‌ల విషయంలో బడి చేయగలిగింది తక్కువ, అయినా కొంత ఉంది. అన్ని నమోదులూ ఒకరికి అప్పగించి, బదులుగా ఆ మనిషికి వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించవచ్చు. ప్రతి టీచరూ ప్రతి రోజూ ఫోను పట్టుకుని సిగ్నలు కోసం మెట్ల మీద నిలబడటం కన్నా అది మెరుగు.

ఇవన్నీ చేశాక కూడా ఒక మనిషి తేరుకోకపోవచ్చు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లినా దిగులు తగ్గక, ఇష్టమైన పనులు కూడా రుచించక, రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడిపోయి ఉంటే అది బర్నౌట్ పరిధి దాటి కుంగుబాటు అయ్యే అవకాశం ఉంది, దానికి వైద్యం కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆ నంబరును స్టాఫ్ రూమ్ తలుపు వెనక అతికించి, ఎవరు చేశారో ఆరా తీయకుండా ఉండటం ప్రధానోపాధ్యాయుని బాధ్యత.

మన గణితం టీచరు లెక్కను మళ్లీ వేసి చూద్దాం. అడ్జస్ట్‌మెంట్లు ఐదు నుంచి రెండుకు తగ్గాయి, పదమూడున్నర గంటల్లో గంటన్నర పోయి పన్నెండు మిగిలాయి. దిద్దుబాటుకు ఐదు గంటల పన్నెండు నిమిషాలు తీసేస్తే ఆరు గంటల నలభై ఎనిమిది నిమిషాలు పాఠం తయారీకి, కాస్త టీ తాగడానికి చేతిలో ఉంటాయి. అరగంట అప్పు నుంచి ఇక్కడికి రావడానికి ఒక్క కొత్త పోస్టు కూడా అవసరం కాలేదు. ఫార్మేటివ్ పరీక్షల వారంలో మాత్రం 310 పేపర్లు 310గానే వస్తాయి, ఇరవై గంటల నలభై నిమిషాలూ అలాగే ఉంటాయి. దాన్ని ఏ టైంటేబులూ తగ్గించలేదు. అందుకు మూడో గణితం టీచరు రావాలి, ఆయన కూర్చోబెట్టుకోవడానికి మరో గది కావాలి.